వేసవి కూలర్ల నిల్వ ముందే ఎలా పెంచుకోవాలి? లెవెల్ పద్ధతా, చేజ్ పద్ధతా?

కూలర్ల తయారీ యూనిట్లు నడిపేవాళ్లు వర్షాకాలం మొదలవగానే అడిగే ప్రశ్న ఒకటే. "ఇప్పటి నుంచే నెలనెలా ఒకే లెక్కన తయారుచేసి గోదాంలో పెట్టుకోవాలా, లేక ఆర్డర్లు వచ్చే కొద్దీ మనుషులను పెంచుకుని చేయాలా?" మొదటి దాన్ని లెవెల్ ప్రొడక్షన్ అంటారు, రెండో దాన్ని చేజ్ ప్రొడక్షన్ అంటారు. ఈ రెండింటిలో ఒకదాన్ని ఫ్యాక్టరీ మొత్తానికి ఎంచుకోవాలని చాలామంది అనుకుంటారు, ఎక్కువ నష్టం అక్కడే వస్తుంది. ఫ్యాక్టరీలో ఏ పని ఇరుకైనదో దాన్ని లెవెల్‌గా నడపాలి. మనుషులను పెంచితే పెరిగే పనిని గిరాకీ వెంట నడపాలి. ఈ విభజన ఎక్కడ చేయాలో, ఎన్ని ముక్కలు ఎప్పటికి సిద్ధంగా ఉండాలో లెక్కతో సహా ఇక్కడ చెబుతాను.

ఉదాహరణకు రేకు బాడీతో డెజర్ట్ కూలర్లు చేసే ఒక చిన్న యూనిట్‌ను తీసుకుందాం. షీట్ కత్తిరించడం, వంచడం, పౌడర్ కోటింగ్, ఆ తర్వాత మోటారు, ఫ్యాన్, పంపు, ప్యాడ్లు బిగించి పరీక్షించడం, ప్యాకింగ్. అంకెలన్నీ లెక్క అర్థం కావడానికి నేను పెట్టుకున్నవి, వాటి స్థానంలో మీవి వేసుకోండి.

మొదలుపెట్టే ముందు దగ్గర ఉంచుకోవాల్సినవి

- గత రెండు మూడేళ్ల ఇన్వాయిస్‌లు, నెలవారీగా.
- సరుకు లేక తిప్పి పంపిన ఆర్డర్ల వివరం. రాసిపెట్టుకోకపోతే మార్కెటింగ్ చూసేవారిని, పెద్ద డీలర్లను అడిగి రాబట్టండి.
- ప్రతి విభాగంలో రోజుకు నిజంగా ఎన్ని సెట్లు బయటికి వస్తున్నాయో ఒక నెల లెక్క.
- ఒక కూలర్ ఖర్చు, అందులో బాడీ వరకు ఎంత, మిగతా సామాను ఎంత అనే విభజన.
- గోదాం వైశాల్యం, బ్యాంకు పరిమితి, మోటార్ల సరఫరాదారు ఎన్ని రోజుల్లో ఇస్తారనే సమాచారం.
- కంప్యూటర్‌లో ఒక స్ప్రెడ్‌షీట్.

1. గిరాకీని డీలర్‌కు పంపే నెల ప్రకారం రాయండి

ప్రజలు కూలర్ కొనేది ఎండలు ముదిరాక. డీలర్లు మాత్రం జనవరి, ఫిబ్రవరి నుంచే సరుకు ఎత్తుతారు. మీ ప్రణాళికకు కావాల్సింది లారీ మీ గేటు దాటే నెల. దుకాణంలో అమ్ముడయ్యే నెలను పట్టుకుని లెక్క వేస్తే ఒక నెల ఆలస్యంగా సిద్ధమవుతారు.

ఇక్కడ ఇంకో తప్పు దొర్లుతుంది. గత ఏడాది ఏప్రిల్‌లో 1,700 అమ్మారు కాబట్టి ఈసారీ 1,700 అనుకుంటారు. ఆ ఏప్రిల్‌లో మూడో వారానికే సరుకు అయిపోయి ఉంటే, 1,700 అనేది మీరు ఇవ్వగలిగిన సంఖ్య మాత్రమే, జనం అడిగిన సంఖ్య అంతకంటే ఎక్కువ. తిప్పి పంపిన ఆర్డర్లను కలిపితేనే అసలు గిరాకీ తెలుస్తుంది.

మన ఉదాహరణలో జులై నుంచి నవంబరు వరకు నెలకు 100, డిసెంబరులో 200, జనవరిలో 500, ఫిబ్రవరిలో 1,000, మార్చిలో 1,800, ఏప్రిల్‌లో 2,200, మేలో 1,600, జూన్‌లో 200. మొత్తం 8,000 కూలర్లు.

2. ఇరుకైన చోటు ఎక్కడో కొలిచి తేల్చండి

ఒక్కొక్క విభాగం దగ్గర నిలబడి చూడండి. ఏ విభాగం ముందు పని పేరుకుపోతోందో, దాని తర్వాతి విభాగం ఎక్కడ ఖాళీగా ఎదురుచూస్తోందో, ఇరుకు అక్కడే ఉంది. రేకు కూలర్ల యూనిట్లలో అది తరచుగా పౌడర్ కోటింగ్ దగ్గర ఉంటుంది. గ్రీజు తీసే తొట్టి, ఫాస్ఫేటింగ్ తొట్టి, ఆరబెట్టడం, పౌడర్ చల్లడం, ఓవెన్‌లో కాల్చడం, ఇవన్నీ వరుసగా జరగాలి. ఓవెన్‌లో పట్టేన్ని ముక్కలే పడతాయి. ఇంకో పదిమందిని పెట్టుకున్నా రోజుకు ఒక్క సెట్టు కూడా పెరగదు.

బిగింపు విభాగం సంగతి వేరు. అక్కడ రెండు టేబుళ్లు, నలుగురు మనుషులు, కొన్ని స్క్రూ గన్‌లు చేరిస్తే ఉత్పత్తి పెరుగుతుంది.

కొలిచేటప్పుడు సెట్లలో కొలవండి, ముక్కలలో వద్దు. ఎడమ పక్క పలకలు 400, కుడి పక్కవి 310 ఉంటే మీ దగ్గర ఉన్నవి 310 సెట్లే. యంత్రం మీద రాసి ఉన్న సామర్థ్యాన్ని నమ్మకండి. తిరస్కరించిన ముక్కలు, కరెంటు పోయిన గంటలు, రంగు మార్చినప్పుడు గన్ శుభ్రం చేసే సమయం అన్నీ పోగా మిగిలిందే మీ సామర్థ్యం. మన ఉదాహరణలో అది రోజుకు 30 సెట్లు, 26 రోజుల నెలలో 780.

అన్ని నెలలూ 26 రోజులు ఉండవని కూడా గుర్తుంచుకోండి. దసరా, దీపావళి, సంక్రాంతి సెలవులు నిల్వ పెంచుకునే నెలల్లోనే పడతాయి. ఉత్తరాది కార్మికులు ఉన్న యూనిట్లలో ఛఠ్ పండుగకు, హోలీకి చాలామంది ఊళ్లకు వెళతారు, హోలీ సరిగ్గా సీజన్ మధ్యలో వస్తుంది. అక్టోబరు 22 పనిదినాలే అయితే ఆ నెలకు 660 అని వేసుకోండి. లెక్క సులభంగా ఉండాలని ఇక్కడ అన్ని నెలలకూ 780 పెడుతున్నాను. మీ షీటులో మాత్రం నెలకో సంఖ్య ఉండాలి.

3. సగటును నమ్మకండి, కూడిక చూడండి

లెవెల్ పద్ధతి అనగానే చాలామంది 8,000ను 12తో భాగించి నెలకు 667 అని తేల్చేస్తారు. అలా నడిపితే మే చివరికి మొత్తం తయారైనవి 7,337. అప్పటికి గిరాకీ మొత్తం 7,800. అంటే సీజన్ చివరి నెలలో 463 కూలర్లు తక్కువ పడతాయి. ఆ లోటు జూన్‌లో తీరుతుంది కానీ అప్పటికి వానలు వచ్చేస్తాయి.

సరైన లెక్క ఇది. ప్రతి నెల చివరికి అప్పటివరకు కావాల్సిన మొత్తాన్ని, గడిచిన నెలల సంఖ్యతో భాగించండి. ఆ ఫలితాలలో అన్నిటికంటే పెద్దది మీ లెవెల్ వేగం. మన ఉదాహరణలో మే చివరికి 7,800ను 11తో భాగిస్తే 709 చిల్లర, అంటే 710. ఈ వేగంతో జనవరి చివరికి గోదాంలో 3,770 కూలర్లు ఉంటాయి. ఒక్కొక్కటి 5,000 రూపాయల ఖర్చు అనుకుంటే కోటీ 88 లక్షలు అక్కడ నిలిచిపోయినట్టు. జూన్‌లో కూడా 710 చేస్తూ పోతే అమ్ముడుకాని 520 మిగులుతాయి, కాబట్టి జూన్‌లో వేగం తప్పక తగ్గించాలి.

చేజ్ పద్ధతిని పూర్తిగా పాటించడం ఈ ఫ్యాక్టరీకి అసాధ్యం. ఏప్రిల్‌లో 2,200 కావాలి, ఓవెన్ నుంచి వచ్చేవి 780. కాబట్టి ఎంతో కొంత ముందుగా చేసి పెట్టక తప్పదు. తేల్చాల్సింది ఎంత ముందు, ఏ రూపంలో అన్నదే.

4. చివరి నెల నుంచి వెనక్కి లెక్క కట్టండి

ఇది మొత్తం పనికి వెన్నెముక. సీజన్ చివర మొదలుపెట్టి ఒక్కొక్క నెల వెనక్కి రండి. ఆ నెల గిరాకీకి తర్వాతి నెల మొదట్లో ఉండాల్సిన నిల్వను కలపండి, ఆ నెల సామర్థ్యాన్ని తీసేయండి. మిగిలింది ఆ నెల మొదటి తేదీకి మీ దగ్గర సిద్ధంగా ఉండాలి. సున్నా కంటే తక్కువ వస్తే సున్నా వేయండి.

స్ప్రెడ్‌షీట్‌లో A వరుసలో నెలలు (జులై రెండో అడ్డువరుసలో), B వరుసలో గిరాకీ, C వరుసలో సామర్థ్యం పెట్టుకుని D2 గడిలో ఇది రాసి, కిందికి జూన్ వరకు లాగండి:

```
=MAX(0,B2+D3-C2)
```

D14 గడిలో సీజన్ ముగిశాక ఎంత మిగలాలనుకుంటున్నారో ఆ సంఖ్య రాయండి, ఇక్కడ సున్నా. మన అంకెలకు వచ్చే ఫలితం:

| నెల | గిరాకీ | సామర్థ్యం | నెల మొదట్లో ఉండాల్సిన నిల్వ |
|---|---|---|---|
| ఆగస్టు | 100 | 780 | 0 |
| సెప్టెంబరు | 100 | 780 | 580 |
| అక్టోబరు | 100 | 780 | 1,260 |
| నవంబరు | 100 | 780 | 1,940 |
| డిసెంబరు | 200 | 780 | 2,620 |
| జనవరి | 500 | 780 | 3,200 |
| ఫిబ్రవరి | 1,000 | 780 | 3,480 |
| మార్చి | 1,800 | 780 | 3,260 |
| ఏప్రిల్ | 2,200 | 780 | 2,240 |
| మే | 1,600 | 780 | 820 |
| జూన్ | 200 | 780 | 0 |

ఈ పట్టిక చెప్పేది స్పష్టం. జులైలో తొందర లేదు. ఆగస్టులో మొదలుపెట్టకపోతే మాత్రం ఆ తర్వాత ఎంత గింజుకున్నా ఏప్రిల్, మే నెలల్లో లోటు తప్పదు. అక్టోబరులో "ఇంకా ఆరు నెలలుంది" అనుకునే యజమానికి ఈ పట్టికలోని 1,260 అనే సంఖ్య చూపించాలి. అది మొదటి తేదీకే ఉండాల్సిన నిల్వ.

మొదటి నెల గడిలోనే సున్నాకు పైన సంఖ్య వస్తే, ఏడాది పొడవునా నడిపినా మీ ఓవెన్ చాలదని అర్థం. బయట జాబ్‌వర్క్‌కు ఇవ్వాలి, లేదా ఓవర్‌టైమ్ నడపాలి, లేదా గిరాకీలో కొంత వదులుకోవాలి. ఈ సంగతి జులైలో తెలిస్తే మూడు దారులూ తెరిచే ఉంటాయి.

ఓవర్‌టైమ్ కూడా ఇక్కడే పరీక్షించి చూసుకోవచ్చు. జనవరి నుంచి మే వరకు ఓవెన్‌ను రోజుకు మరో ఆరు సెట్ల మేర నడిపితే సామర్థ్యం 936 అవుతుంది. అప్పుడు ఫిబ్రవరి మొదటికి కావాల్సింది 3,480 బదులు 2,856, సెప్టెంబరులో మొదలుపెట్టినా సరిపోతుంది. చట్టం ప్రకారం ఓవర్‌టైమ్‌కు మామూలు వేతనానికి రెట్టింపు ఇవ్వాలి, గంటలకు పరిమితి కూడా ఉంటుంది. నా మాట వింటే ఓవర్‌టైమ్‌ను ప్రణాళికలో ముందే వాడేయకండి. మార్చిలో బర్నర్ చెడిపోతే, పౌడర్ ఆలస్యమైతే ఆదుకునేది అదే. ముందే వాడేసుకుంటే ఆ రోజు మీ చేతిలో ఏమీ ఉండదు.

5. నిల్వ ఏ రూపంలో ఉండాలో నిర్ణయించండి

పై పట్టికలోని 3,480 పూర్తి కూలర్లు కానవసరం లేదు. ఇరుకు ఓవెన్ దగ్గర కాబట్టి, ఓవెన్ దాటిన బాడీ సెట్లు ఉంటే చాలు. పౌడర్ కోటింగ్ పూర్తయిన పలకలను బల్లపరుపుగా పేర్చుకోవచ్చు. పూర్తి కూలర్ అంటే లోపల గాలే ఎక్కువ, గోదాంను అదే మింగేస్తుంది. పైగా మోటారు, పంపు, ప్యాడ్లు కొన్నాక డబ్బు బయటికి వెళ్లిపోయినట్టే.

ఖర్చు పోల్చి చూద్దాం. ఒక కూలర్‌ను ఒక నెల నిల్వ ఉంచడానికి వడ్డీ 50 రూపాయలు (5,000 మీద నెలకు ఒక శాతం), గోదాం 30, దెబ్బతినడం వల్ల నష్టం 10, మొత్తం 90 అనుకుందాం. బాడీ సెట్టు ఖర్చు 1,700 అయితే దాని నెల నిల్వ ఖర్చు వడ్డీ, చోటు, నష్టం కలిపి 25.

పట్టికలోని నెలవారీ నిల్వలన్నీ కూడితే 19,400 వస్తుంది. అన్నీ పూర్తి కూలర్లుగా ఉంచితే సీజన్ మొత్తానికి నిల్వ ఖర్చు దాదాపు 17.5 లక్షలు. నెలకు 710 చొప్పున పూర్తి లెవెల్‌గా, జూన్‌లో తగ్గించి నడిపినా దాదాపు 20.9 లక్షలు అవుతుంది.

ఇప్పుడు బిగింపును గిరాకీ వెంట నడిపిద్దాం. పదిమంది బృందం రోజుకు 30 బిగిస్తోంది. ఫిబ్రవరి నుంచి మే వరకు మరో పదిమందిని తీసుకుంటే రోజుకు 60, నెలకు 1,560. ఏప్రిల్‌లో 2,200 కావాలి కాబట్టి కొన్ని పూర్తి కూలర్లు ముందే ఉండాలి. అదే వెనకటి లెక్కను 1,560తో మళ్లీ వేస్తే ఫిబ్రవరి మొదటికి 360, మార్చి మొదటికి 920, ఏప్రిల్ మొదటికి 680, మే మొదటికి 40 పూర్తి కూలర్లు ఉంటే చాలు. మిగతాదంతా బాడీ సెట్లు.

ఈ పద్ధతిలో నిల్వ ఖర్చు 6.15 లక్షలు. అదనపు పదిమందికి నెలకు 15,000 చొప్పున నాలుగు నెలలకు 6 లక్షలు. రెండూ కలిపి 12 లక్షల పైచిలుకు. 17.5 లక్షలతో పోలిస్తే ఐదు లక్షలకు పైగా మిగులుతుంది. ఈ అదనపు జీతాన్ని లెక్కలో చేర్చకుండా "చేజ్ చవక" అనుకోవడం పొరపాటు. ఉన్న పదిమందికి ఆగస్టు నుంచి డిసెంబరు వరకు బిగింపు పని తక్కువగా ఉంటుంది, అయినా జీతం ఇవ్వాలి. ఆ నెలల్లో వాళ్లను షీట్ వంచే దగ్గర, తొట్ల దగ్గర, పలకలకు గ్యాస్కెట్లు అతికించే పనిలో పెట్టుకోగలిగితే లాభం ఇంకా పెరుగుతుంది.

అసలు తేడా చేతిలోని డబ్బులో కనిపిస్తుంది. జనవరి చివరికి అన్నీ పూర్తి కూలర్లుగా ఉంటే కోటీ 74 లక్షలు ఇరుక్కుపోతాయి. 360 కూలర్లు, 3,120 బాడీ సెట్లుగా ఉంటే దాదాపు 71 లక్షలు. చిన్న యూనిట్‌కు ఈ కోటి రూపాయలు బ్యాంకు ఇస్తుందా లేదా అన్నదే చాలాసార్లు అసలు పరిమితి. బ్యాంకు మీ నిల్వ విలువ మొత్తానికి అప్పు ఇవ్వదు, కొంత మార్జిన్ తీసేసే ఇస్తుంది. పైగా సరఫరాదారులు సూక్ష్మ, చిన్న పరిశ్రమలైతే 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి. సెప్టెంబరులో కొన్న మోటారుకు నవంబరు మధ్యలోపే డబ్బు కట్టాలి, అది అమ్ముడయ్యేది ఏప్రిల్‌లో.

వేసవి అనుకున్నట్టు లేకపోతే కూడా ఈ పద్ధతి కాపాడుతుంది. ఏప్రిల్‌లో అకాల వర్షాలు పడితే పలకలు వచ్చే ఏడాదికి పనికొస్తాయి, కొనని మోటార్ల డబ్బు మీ దగ్గరే ఉంటుంది. ఒక షరతు ఉంది, పలకలు ఎక్కువ మోడళ్లకు సరిపోవాలి. రంగు ఒకటీ రెండుకు మించకుండా చూసుకోండి, స్టిక్కర్, గ్రిల్, నాబ్‌లతో మోడళ్ల తేడా చూపించండి.

6. మోటార్లను ముందే ఖాయం చేసుకోండి, ముందే తెచ్చుకోకండి

బిగింపును గిరాకీ వెంట నడపాలంటే మోటార్లు, పంపులు సమయానికి రావాలి. మీకు సీజన్ అయిన నెలలే మోటార్లు చేసేవారికీ సీజన్. మార్చిలో ఫోను చేస్తే దొరకవు, దొరికినా మీరు అడిగిన నాణ్యతలో ఉండవు. నవంబరులో మొత్తం సంఖ్యకు ఆర్డరు ఇచ్చి, జనవరి నుంచి ఏప్రిల్ వరకు విడతలుగా దించేలా రాతపూర్వకంగా ఒప్పించుకోండి. కొంత అడ్వాన్సు ఇవ్వాల్సి వచ్చినా మొత్తం మోటార్లను ఆరు నెలలు గోదాంలో పెట్టుకోవడం కంటే అది తేలిక.

ముందే తెచ్చుకోవద్దనడానికి ఇంకో కారణం ఉంది. మోటారుపై సరఫరాదారు ఇచ్చే వారంటీ సాధారణంగా ఆయన ఇన్వాయిస్ తేదీ నుంచి నడుస్తుంది. మీరు వినియోగదారుకు ఇచ్చే వారంటీ ఆయన కొన్న రోజు నుంచి. సెప్టెంబరులో తెచ్చి ఏప్రిల్‌లో అమ్మితే మధ్యలోని ఏడు నెలల భారం మీ మీదే పడుతుంది.

సరఫరాదారు విడతల పద్ధతికి ఒప్పుకోకపోతే, లేదా గతంలో మాట తప్పి ఉంటే, ఒక నెల అవసరానికి సరిపడా మోటార్లు జనవరిలోనే దించుకోండి. గడ్డి ప్యాడ్లను మాత్రం ఏ పరిస్థితిలోనూ నెలల తరబడి నిల్వ చేయకండి. ఎలుకలు చేరతాయి, చెమ్మకు వాసన వస్తుంది, ఒక్క నిప్పురవ్వ చాలు గోదాం అంటుకోవడానికి.

7. పలకలను పాడవకుండా ఉంచండి

నిల్వ పెరిగే మొదటి నెలలు వానలవి. గోడలకు ఆనించి, నేల మీద నేరుగా పేర్చిన పలకలకు కత్తిరించిన అంచుల దగ్గర, రంధ్రాల చుట్టూ తుప్పు మొదలవుతుంది. చెక్క ప్యాలెట్ల మీద, గోడకు ఎడంగా పెట్టండి. ఒకదానికొకటి రాసుకుంటే పౌడర్ గీతలు పడుతుంది కాబట్టి మధ్యలో పలుచని ఫోమ్ షీట్ వేయండి. ఓవెన్ నుంచి తీసిన పలకలు పూర్తిగా చల్లారకముందే పేరిస్తే అచ్చులు పడతాయి.

ఒక సెట్టుకు కావాల్సిన ముక్కలన్నీ కలిపి కట్టి, తేదీ, బ్యాచ్ రాసిన చీటీ పెట్టండి. ముందు వచ్చినవి ముందు వాడాలి.

ఇక్కడ అన్నిటికంటే పెద్ద ప్రమాదం గోదాంలో కనిపించదు. వంచే డై కొద్దిగా జరిగి రంధ్రం రెండు మిల్లీమీటర్లు పక్కకు పడినా, పలకలు పేర్చి ఉంచినంత కాలం ఎవరికీ తెలియదు. ఫిబ్రవరిలో బిగించబోతే మూడు వేల సెట్లు ఒకేసారి మొరాయిస్తాయి. అందుకే ప్రతి 50 సెట్లకు ఒకదాన్ని తీసి మోటారు స్టాండు, తొట్టి, ప్యాడ్ ఫ్రేములతో సహా పూర్తిగా బిగించి చూడండి. పూత పట్టు కూడా అప్పుడే చూడండి. బ్లేడుతో అడ్డంగా నిలువుగా చిన్న గళ్లు గీసి, టేపు అతికించి లాగితే పౌడర్ ఊడి రాకూడదు. ఊడితే తొట్లలోని ద్రావణాన్ని వెంటనే పరీక్షించండి, ఆ బ్యాచ్ మొత్తాన్ని పక్కన పెట్టండి.

8. అదనపు మనుషులను ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు

రెండో బృందాన్ని ఫిబ్రవరి ఒకటిన కాకుండా జనవరి రెండో సగంలోనే తీసుకుని నేర్పించండి, ఆ అర నెల జీతాన్ని పై ఆరు లక్షలకు కలుపుకోండి. ఆ నెలలో 860 బిగించాలి, అంటే మామూలు కంటే 80 ఎక్కువ, అది వాళ్ల శిక్షణలోనే పూర్తవుతుంది. పాత పదిమందిని రెండుగా విడదీసి, ప్రతి టేబుల్ దగ్గర పాతవాళ్లు, కొత్తవాళ్లు కలిసి ఉండేలా చూడండి.

కొత్తవాళ్లకు ప్యాడ్లు, గ్రిల్, చక్రాలు, ప్యాకింగ్ ఇవ్వండి. వైరింగ్, ఎర్తింగ్ పని ఎంత ఒత్తిడి ఉన్నా అనుభవం ఉన్నవాళ్లే చేయాలి. కూలర్ అంటే నీళ్లు, కరెంటు, రేకు బాడీ ఒకే చోట ఉన్న వస్తువు. ఎర్త్ తీగ వదులుగా ఉన్న కూలర్ ముట్టుకున్న మనిషి ప్రాణం తీస్తుంది.

బిగింపు రెట్టింపు చేసి పరీక్ష టేబుల్‌ను ఒక్కటే ఉంచితే ఇరుకు అక్కడికి మారుతుంది, అప్పుడు పరీక్షలను కుదించడం మొదలవుతుంది. ప్రతి కూలర్‌కూ ఎర్త్ కొనసాగింపు, ఇన్సులేషన్ పరీక్ష, నీళ్లు పోసి కారడం చూడటం జరగాల్సిందే. రెండో పరీక్ష టేబుల్‌కు చోటు, మెగ్గర్, నీటి కనెక్షన్ డిసెంబరులోనే ఏర్పాటు చేసుకోండి.

9. కొంచెం ఎక్కువ వేసుకోండి, కానీ చవకైన రూపంలో

అంచనా తప్పుతుంది, ఓవెన్ ఆగుతుంది. దీనికోసం పట్టికలోని సంఖ్యల మీద ఒక 300 బాడీ సెట్లు అదనంగా వేసుకోవచ్చు. నెలకు 25 చొప్పున 7,500 రూపాయల నిల్వ ఖర్చుతో పది రోజుల ఓవెన్ ఉత్పత్తి చేతిలో ఉంటుంది. అదే 300 పూర్తి కూలర్లుగా ఉంచితే 27,000, పైగా 15 లక్షలు ఇరుక్కుంటాయి.

వాతావరణ శాఖ వేసవి అంచనా కోసం ఆగి ఆ తర్వాత నిర్ణయిద్దామని కొందరు అంటారు. ఆ అంచనా వచ్చేసరికి ఫిబ్రవరి ముగుస్తూ ఉంటుంది, ఓవెన్ దగ్గర నిర్ణయాలన్నీ అప్పటికే అయిపోతాయి. ఆ అంచనాను బిగింపు వేగానికి, మోటార్ల చివరి విడతలకు వాడుకోండి.

10. ప్రణాళిక సరిగ్గా నడుస్తోందో ఎలా తెలుసుకోవాలి

నెల చివరి రోజున గోదాంలోని పూర్తి సెట్లను చేత్తో లెక్కపెట్టండి, పట్టికలోని తర్వాతి నెల మొదటి సంఖ్యతో పోల్చండి. ఈ నెల ఎన్ని చేశామన్నది చూస్తే సరిపోదు. మూడు నెలలుగా నెలకు 40 చొప్పున తగ్గుతుంటే ప్రతి నెలా చిన్న లోటుగానే కనిపిస్తుంది, కలిపితే నాలుగు రోజుల ఉత్పత్తి పోయినట్టు.

లోటు 150 సెట్లు, అంటే ఐదు రోజుల ఉత్పత్తి దాటితే అదే వారంలో ఆదివారం షిఫ్టు నడపండి, మనుషులకు వారంలో మరో రోజు వంతులవారీగా సెలవు ఇవ్వండి, ఓవెన్ ఆగకూడదు. లేదా బయటి కోటింగ్ వారికి పని ఇవ్వండి. డిసెంబరులో వాళ్లు రేటు మాట్లాడతారు, మార్చిలో మీ ఫోను ఎత్తరు. బయట చేయించిన పలకల రంగు మీ రంగుతో కలుస్తోందో పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టి చూశాకే బ్యాచ్ తీసుకోండి.

సీజన్ మధ్యలో చూడాల్సింది వేరు. ఫిబ్రవరి నుంచి వారానికోసారి మూడు సంఖ్యలు రాయండి: ఎన్ని రోజులకు సరిపడా బాడీ సెట్లు ఉన్నాయి, ఎన్ని రోజులకు సరిపడా మోటార్లు ఉన్నాయి, చేతిలో ఎన్ని ఆర్డర్లు ఉన్నాయి. సెట్లు 25 రోజులకు, మోటార్లు 6 రోజులకు ఉంటే ఆ వారం మీ ఇరుకు ఓవెన్ కాదు, మోటార్లు. ఇరుకు ఇలా చోటు మారుతుంది, దృష్టి కూడా దాని వెంట మారాలి.

ఏప్రిల్ 20 నాటికి మిగిలిన ఆర్డర్లను, సెట్లను పక్కపక్కన పెట్టి చూడండి. మే గిరాకీ తగ్గేలా కనిపిస్తే ముందు ఆపాల్సింది మోటార్ల చివరి విడత, తర్వాత రెండో బృందం, ఆ తర్వాత ఓవెన్. మే చివరికి మిగిలిన పూర్తి కూలర్లను కొద్దిగా ధర తగ్గించైనా జూన్‌లో డీలర్లకు పంపేయండి. మిగిలిన బాడీ సెట్లను లెక్కపెట్టి, తుప్పు పట్టినవి వేరు చేసి, మంచి సెట్ల సంఖ్యను వచ్చే ఏడాది షీటులో జులై మొదటి నిల్వగా రాసుకోండి. ఆగస్టులో ఓవెన్ ఏ వేగంతో మొదలవ్వాలో ఆ సంఖ్యను బట్టి మారుతుంది.